బ్రాంచి కౌంటర్ నుంచి కేవైసీ డెస్కుకు: రిక్రూటర్‌కు రాసే మెయిల్

ఒక రంగంలో కొన్నేళ్లు పనిచేసి మరో రంగంలోకి మారదలచినవారు రిక్రూటర్‌కు రాసే మెయిల్‌లో ఒక చిక్కుంది. దాన్ని చదివేది ఒకరు, ఉద్యోగం ఇచ్చేది మరొకరు. రిక్రూటర్ దగ్గర ఉండేది భర్తీ చేయాల్సిన ఖాళీల పట్టిక మాత్రమే. మనిషి పనికొస్తాడా లేదా అని తేల్చేది ఆ ఖాళీ ఉన్న టీమ్ మేనేజర్. కాబట్టి మెయిల్ రిక్రూటర్‌కు నచ్చితే సరిపోదు. అందులోంచి రెండు మూడు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు తీసి మేనేజర్‌కు పంపగలిగేలా ఉండాలి. మేనేజర్ “ఈయన వేరే పని చేసినాయన కదా” అంటే రిక్రూటర్ దగ్గర సిద్ధంగా ఉండాల్సిన జవాబు ఆ వాక్యాలే.

రిక్రూటర్లలోనూ రెండు రకాలున్నారు. ఏజెన్సీలో పనిచేసేవారికి డబ్బు ఇచ్చేది నియమించుకునే కంపెనీ. మన దేశంలో తరచుగా కనిపించే రేటు అభ్యర్థి వార్షిక జీతంలో 8.33 శాతం, అంటే సుమారు ఒక నెల జీతం. చేరిన మనిషి రెండు మూడు నెలల్లోపే మానేస్తే బదులుగా మరొకరిని ఉచితంగా వెతికిపెట్టాలన్న షరతు కూడా మామూలే. ఇలాంటి ఒప్పందంలో ఉన్నవారు ఆ పనే ఇప్పటికే చేస్తున్న మనిషిని చూపించడానికి మొగ్గుతారు. కంపెనీలోనే జీతం తీసుకుంటూ నియామకాలు చూసే రిక్రూటర్ పరిస్థితి వేరు. ఏ మేనేజర్ బయటి రంగంవాళ్లను తీసుకుంటాడో, గతంలో ఎవరిని తీసుకున్నాడో ఆయనకు తెలిసి ఉంటుంది. వృత్తి మారేవారు మొదట రాయాల్సింది ఈ రెండో రకానికి. ఏజెన్సీకి రాయాల్సి వస్తే, తాము వెళ్లదలచిన రంగం ఖాళీలనే చూసే వ్యక్తిని వెతికి రాయాలి.

తెలుగు జిల్లాల్లో తరచుగా జరిగే మార్పునే ఒక ఉదాహరణగా తీసుకుందాం. ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో ఆపరేషన్స్ చూసే ఒక ఉద్యోగిని ఉంది. విజయవాడలో ఆరేళ్ల అనుభవం. ఖాతాల దరఖాస్తులు పరిశీలించడం, పాత ఖాతాదారుల నుంచి మళ్లీ కేవైసీ పత్రాలు తీసుకోవడం, పెద్ద నగదు జమలు వచ్చినప్పుడు ప్రశ్నలు అడగడం ఆమె రోజువారీ పని. బీమా, కార్డుల అమ్మకాల ఒత్తిడి నుంచి బయటపడి హైదరాబాద్‌లోని అంతర్జాతీయ బ్యాంకు కేంద్రంలో కేవైసీ అనలిస్ట్‌గా చేరాలన్నది ఆమె ఆలోచన. హెచ్‌ఎస్‌బీసీ, వెల్స్ ఫార్గో, బ్యాంక్ ఆఫ్ అమెరికా, జేపీ మోర్గాన్ వంటి సంస్థలకు ఆ నగరంలో పెద్ద కేంద్రాలున్నాయి. విదేశీ ఖాతాదారుల వివరాల పరిశీలన ఇలాంటి కేంద్రాల్లో జరిగే పనుల్లో ఒకటి.

ఇలాంటివారి మొదటి మెయిల్ సాధారణంగా ఇలా ఉంటుంది: “నేను కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, టీమ్‌తో కలిసిపోతాను, ఒత్తిడిని తట్టుకోగలను. మీ సంస్థలో నా అర్హతకు తగిన ఏ ఉద్యోగమైనా చేయడానికి సిద్ధం. రెజ్యుమె జతచేశాను.” ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, ఉపయోగపడే ముక్క కూడా ఒక్కటీ లేదు. అన్నిటికన్నా నష్టం చేసేది “ఏ ఉద్యోగమైనా” అన్న మాట. ఏ ఖాళీ కింద ఆ పేరు పెట్టాలో నిర్ణయించే భారాన్ని అది రిక్రూటర్ మీద వేస్తుంది. ఆయన రెజ్యుమెలో “బ్యాంకు, బ్రాంచి” అన్న మాటలు చూసి మళ్లీ బ్రాంచి సేల్స్ పోస్టుకే పిలుస్తాడు.

వెంట తీసుకెళ్లగల నైపుణ్యం ఏది, కొత్తగా నేర్వాల్సింది ఏది అని విడదీసుకోవడం మెయిల్‌కు ముందు చేయాల్సిన పని. కేవైసీ రంగంలో ఈ గీత చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక కంపెనీ పేరిట ఖాతా తెరిచేటప్పుడు దాని అసలు యజమాని ఎవరో తేల్చాలి. మన నిబంధనల ప్రకారం 10 శాతానికి మించి వాటా ఉన్న వ్యక్తిని గుర్తించాలి. అమెరికా బ్యాంకులకు ఆ హద్దు 25 శాతం. ఇక్కడ 10 లక్షల రూపాయలు దాటిన నగదు లావాదేవీని నివేదిస్తే, అక్కడ 10 వేల డాలర్లు దాటినదాన్ని నివేదిస్తారు. అంకెలు, నివేదిక వెళ్లే కార్యాలయం, ఫారం పేరు మారతాయి. అవి కొద్ది వారాల శిక్షణలో వస్తాయి. వాటాదారుల జాబితాలో మరో కంపెనీ పేరు కనిపిస్తే దాని వెనకాల ఎవరున్నారని తవ్వుకుంటూ పోవడం, చెప్పిన వ్యాపారానికీ ఖాతాలో తిరిగే డబ్బుకూ పొంతన కుదరనప్పుడు పట్టుకోవడం మాత్రం చేసిచేసి వచ్చేవి. బ్రాంచిలో ఆరేళ్లున్న మనిషి వెంట తెచ్చేది ఇదే, మెయిల్‌లో కనపడాల్సిందీ ఇదే.

ఆ పనికి కొత్త రంగంలో ఏ పేరుందో కూడా తెలియాలి. బ్రాంచిలో “రీ-కేవైసీ” అనేది అక్కడ పీరియాడిక్ రివ్యూ. ఖాతా తెరిచేటప్పుడు చేసే పరిశీలన కస్టమర్ డ్యూ డిలిజెన్స్. రాజకీయ పదవుల్లో ఉన్నవారి విషయంలోనో, ఎక్కువ రిస్కు ఉన్న వ్యాపారాల విషయంలోనో లోతుగా చేసేది ఎన్‌హాన్స్‌డ్ డ్యూ డిలిజెన్స్. నాలుగైదు ఉద్యోగ ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుని చదివితే ఈ పేర్లు పట్టుబడతాయి. రిక్రూటర్లు నౌకరీ వంటి సైట్లలో వెతికేది ఈ మాటలతోనే కాబట్టి రెజ్యుమెలోనూ ఇవే ఉండాలి. అయితే చేయని పనికి ఆ పేరు తగిలించుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

మెయిల్ వెళ్లేది ఇంగ్లీషులోనే. సవరించిన దాని సారం తెలుగులో ఇది. సబ్జెక్టు గీత: “కేవైసీ అనలిస్ట్, పీరియాడిక్ రివ్యూ – బ్యాంకు ఆపరేషన్స్ 6 ఏళ్లు – హైదరాబాద్ – నోటీసు 60 రోజులు”. లోపల: “మీ సంస్థ ప్రకటించిన కార్పొరేట్ కేవైసీ అనలిస్ట్ ఖాళీ చూసి రాస్తున్నాను. ఆరేళ్లుగా ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో ఆపరేషన్స్ చూస్తున్నాను. గత మూడేళ్లుగా కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు, ట్రస్టుల ఖాతాల పరిశీలన నా బాధ్యత. నెలకు సుమారు 40 దరఖాస్తులు చూస్తాను. యాజమాన్య వివరాల లోపం మీద గత రెండు ఆడిట్లలోనూ నా ఫైళ్లకు అభ్యంతరం రాలేదు. విదేశీ నిబంధనలతో, కేస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌తో నేరుగా పనిచేయలేదు. ఐఐబీఎఫ్ వారి ఏఎంఎల్-కేవైసీ సర్టిఫికెట్ పరీక్ష పాసయ్యాను. కేవైసీ ఆన్‌బోర్డింగ్, పీరియాడిక్ రివ్యూ పోస్టులు నా లక్ష్యం. సేల్స్, రిలేషన్‌షిప్ పోస్టులు చూడడం లేదు. రాత్రి షిఫ్టుకు అభ్యంతరం లేదు.” చివర్లో ప్రస్తుత జీతం, ఆశించే జీతం, హైదరాబాద్ రావడానికి పట్టే సమయం ఒక గీతలో.

ఇందులో గమనించాల్సింది మూడేళ్లు అన్న అంకె. మొత్తం అనుభవం ఆరేళ్లయినా కొత్త పనికి సంబంధించినది మూడేళ్లే. రిక్రూటర్లు ఈ రెంటినీ విడివిడిగా అడుగుతారు, జీతం మాట్లాడేటప్పుడు రెండోదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ముందే ఒప్పుకుంటే హోదా ఒక మెట్టు తగ్గినా ఆఖరి నిమిషంలో మాట పట్టింపు రాదు. తెలియని సంగతిని తామే చెప్పేయడం కొందరికి తెలివితక్కువగా తోస్తుంది. మేనేజర్ ఎలాగూ అడిగేది అదే కనుక ఒక్క వాక్యంలో చెప్పి, పక్కనే దాన్ని పూడ్చడానికి ఏం చేశారో చెప్పడం మేలు. రెండు మూడు వాక్యాలకు పెరిగితే మాత్రం అది సంజాయిషీ అవుతుంది. ఎందుకు మారుతున్నారన్న కథకూ ఇదే వర్తిస్తుంది. పాత మేనేజర్ మీద ఫిర్యాదుకు అసలు చోటు లేదు.

ఈ రంగానికే ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉంది. ప్రతిభ చూపించాలన్న ఉత్సాహంలో “ఫలానా బంగారం వ్యాపారి ఖాతాలో అనుమానాస్పద జమలు పట్టుకుని పైకి నివేదించాను” అని రాసేవారుంటారు. అనుమానాస్పద లావాదేవీ మీద నివేదిక పంపిన సంగతిని బ్యాంకు, దాని సిబ్బంది గోప్యంగా ఉంచాలని మనీ లాండరింగ్ నిరోధక నిబంధనలు చెబుతున్నాయి. పేరు రాయకపోయినా, ఊరు, వ్యాపారం, మొత్తం కలిస్తే ఖాతాదారు ఎవరో తెలిసిపోవచ్చు. కంప్లయన్స్ మేనేజర్ ఆ వాక్యం చదివితే ప్రతిభను చూడడు, నోరు జారే మనిషిని చూస్తాడు. పని రకం, పరిమాణం, ఆడిట్ ఫలితం చెప్పవచ్చు. కేసు చెప్పకూడదు. బ్యాంకు లోపలి చెక్‌లిస్టును నమూనాగా జతచేయడం, ఆఫీసు మెయిల్ ఐడీ నుంచి పంపడం కూడా ఇదే కోవలోని తప్పులు.

పంపిన తర్వాత వచ్చే స్పందనే మెయిల్‌లో లోపం ఎక్కడుందో చాలావరకు చెబుతుంది. సేల్స్ ఉద్యోగాల పిలుపులే వస్తుంటే లక్ష్యం చెప్పిన వాక్యం బలహీనంగా ఉందన్నమాట, లేదా రెజ్యుమె పైభాగంలో బీమా టార్గెట్లు, అవార్డులు కనిపిస్తున్నాయన్నమాట. రిక్రూటర్ ఫోన్ చేసి మాట్లాడి, ఆపైన మేనేజర్ దగ్గర ఆగిపోతుంటే ఆధారాలు చాలడం లేదు. అప్పుడు మార్చాల్సింది పనిని వివరించిన రెండు వాక్యాలు. ఎవరి నుంచీ ఏ జవాబూ లేకపోతే ఖాళీ నిండిపోయి ఉండవచ్చు, లేదా ఆ ఖాళీ ఆ రిక్రూటర్ చూసేది కాకపోవచ్చు. వారం ఆగి అదే మెయిల్ కింద రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది. మూడోసారి రాసేకన్నా అదే సంస్థలో పనిచేస్తున్న పాత సహోద్యోగి ద్వారా రెఫరల్ పెట్టించుకోవడం మంచిది.

ఒకేసారి నాలుగైదు ఏజెన్సీలకు మెయిల్ పంపేవారు మరొకటి చూసుకోవాలి. ఒకే అభ్యర్థి రెజ్యుమెను ఒకే కంపెనీకి రెండు ఏజెన్సీలు పంపితే కమీషన్ ఎవరిదన్న తగాదా వస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి కంపెనీ అభ్యర్థినే పక్కన పెట్టేయవచ్చు. “ఏ కంపెనీకి పంపేముందైనా నాకు ఒక మాట చెప్పండి” అని ఏజెన్సీకి రాసే మెయిల్‌లో చేరిస్తే ఈ గొడవ ఉండదు. ఎవరికి, ఏ తేదీన, ఏ కంపెనీకి సరే అన్నారో ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. రిజిస్ట్రేషన్ రుసుమనో, ఇంటర్వ్యూ ఖర్చనో డబ్బు అడిగేవారికి జవాబు రాయనక్కర్లేదు. ఏజెన్సీకి చెల్లించాల్సింది నియమించుకునే కంపెనీయే.