మైనస్ ఒకటి చూపించిన ఉదయం

పీహెచ్‌సీలో టీకాల గదికి వెళ్తే పైకి తెరుచుకునే మూతలున్న రెండు పెట్టెలు కనిపిస్తాయి. ఒకటి డీప్ ఫ్రీజర్, ఐస్ ప్యాకులు గడ్డకట్టించడానికి. రెండోది ఐఎల్‌ఆర్. దీని లోపలి గోడల వెంట ఐసు ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా చాలా గంటలు చల్లదనం ఆగుతుంది. టీకాలన్నీ ఇందులోనే, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉష్ణోగ్రత చూసి లాగ్ బుక్కులో రాయాలి. ఆదివారమైనా, పండగైనా సరే. నెలంతా ‘5, 5, 5’ అని ఒకే ఇంకుతో రాసి ఉన్న పేజీ కనబడితే మాత్రం, ఆ ఫ్రిజ్ మూత ఎవరూ తీయలేదనే నేను అనుకుంటాను.

టీకా అంటే ఎండకు పాడయ్యేదని అందరికీ తెలుసు. దాన్ని పట్టుకోవడానికి సీసా మీదే ఒక గుర్తు ఉంది. వీవీఎం అంటారు. రంగు వలయం, మధ్యలో లేత చతురస్రం. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది. వలయం రంగుతో కలిసిపోయిందంటే సీసా పారేయాల్సిందే. చిక్కెక్కడంటే, పెంటా, టీడీ, పీసీవీ లాంటివి గడ్డకట్టినా పాడవుతాయి. వాటిలోని అల్యూమినియం లవణం గడ్డకడితే ముద్దలుగా మారి, కరిగాక మళ్లీ మామూలుగా కలవదు. ఈ సంగతి వీవీఎం చెప్పదు. గడ్డకట్టి కరిగిన సీసా మీద కూడా చతురస్రం తెల్లగానే ఉంటుంది.

ఒక బుధవారం పొద్దున అనుకుందాం, టీకాల రోజు. ఏఎన్‌ఎంలు క్యారియర్లు పట్టుకుని వచ్చేశారు. ఫార్మసిస్టు మూత తీసి చూస్తే థర్మామీటరు మైనస్ 1 చూపిస్తోంది. నిన్న సాయంత్రం 4 ఉంది. ఎండలు మండుతున్నాయని ఎవరో నాబ్ తిప్పినట్టున్నారు. పగలు సరిపోయిన చల్లదనం రాత్రికి ఎక్కువైంది.

ఇప్పుడు స్టాక్ రిజిస్టరు తెరవాలి. పెంటాకు అక్కడ ఒకే అంకె, ‘120 డోసులు’ అని ఉంటే పని జరగదు. ఈ రిజిస్టరులో బ్యాచ్‌కో వరుస ఉంది: పాత బ్యాచ్ 4 సీసాలు, గడువు నవంబరు. మొన్న వచ్చిన బ్యాచ్ 8 సీసాలు, గడువు సెప్టెంబరు. సీసాకు 10 డోసులు. కొత్తగా వచ్చినదానికే గడువు ముందు! అందుకే ముందు వచ్చింది ముందు వాడడం కాదు, ముందు గడువు తీరేది ముందు వాడాలి. వీవీఎం ఎక్కువ ముదిరిన సీసా ఉంటే దానికి గడువుతో పనిలేకుండా మొదటి వంతు.

గట్టిగా గడ్డకట్టిన సీసాకు పరీక్షే అక్కర్లేదు, పారేయడమే. ఇక్కడ అన్నీ ద్రవంగానే ఉన్నాయి. రాత్రి గడ్డకట్టి కరిగాయో, అసలు గడ్డకట్టలేదో తెలియదు. అనుమానం తీర్చేది షేక్ టెస్ట్, అది బ్యాచ్‌కో సారి చేయాలి. ఒక్కో బ్యాచ్‌లో ఒక సీసాను కావాలనే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించి, పూర్తిగా కరగనివ్వాలి. దాన్నీ, అనుమానపు సీసానూ ఒకే చేత్తో పట్టుకుని పది పదిహేను సెకన్లు కుదిపి బల్ల మీద పెట్టి అరగంట దాకా చూడాలి. గడ్డకట్టించిన దాంట్లో తెల్లటి మడ్డి త్వరగా అడుక్కి దిగుతుంది. అనుమానపు సీసాలోనూ అంతే వేగంగా దిగితే అది చెడిపోయినట్టే. నెమ్మదిగా దిగితే వాడుకోవచ్చు. ఐపీవీలో ఆ లవణం లేదు కాబట్టి ఈ పరీక్ష దానికి పనికిరాదు.

ఫలితం గురువారానికి గానీ రాదు. అందాకా అనుమానపు సీసాలకు ‘వాడరాదు’ అని చీటీ కట్టి, సరైన చల్లదనంలో విడిగా ఉంచుతారు. నాబ్ సరిచేసి, మెడికల్ ఆఫీసరుకూ జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికీ చెబుతారు. చలికి చెడని పోలియో చుక్కలు, బీసీజీ, ఎంఆర్ క్యారియర్లలో వెళతాయి. బీసీజీ, ఎంఆర్ కలిపే ద్రావకం మాత్రం గడ్డకట్టి ఉండకూడదు, అది కూడా చూసుకోవాలి. పెంటా పక్క పీహెచ్‌సీ నుంచి తెప్పిస్తారు.

గురువారం కొత్త బ్యాచ్ మడ్డి చప్పున దిగింది. పాతది నిలిచింది. కారణం పెట్టిన చోటే. పాత సీసాలు పైబుట్టలో ఉన్నాయి. కొత్తవి హడావిడిలో అడుగున, ఐసు దగ్గర పడ్డాయి. అక్కడే చలి ఎక్కువ.

రిజిస్టరులో రెండు వరుసలు దిద్దారు. కొత్త బ్యాచ్: పరీక్షకు 1, చెడినవి 7, నిల్వ సున్నా. పాత బ్యాచ్: పరీక్షకు 1, నిల్వ 3 సీసాలు, 30 డోసులు. కారణం గడిలో ‘గడ్డకట్టినందున’ అని రాసి, తేదీ వేసి, మెడికల్ ఆఫీసరు సంతకం తీసుకున్నారు. తర్వాత లాగ్ బుక్కులో బుధవారం ఉదయం గడి చూశారు. మైనస్ 1 ఎవరూ దిద్దకుండా అలాగే ఉంది.