పసిపాప మూత్రంలో ఇన్ఫెక్షన్: సూదిమందా, సిరప్పా?

ఎనిమిది నెలల పాపకు రెండు రోజులుగా 103 డిగ్రీల జ్వరం అనుకుందాం. దగ్గు లేదు, జలుబు లేదు, విరేచనాలు లేవు. పాలు తాగుతోంది, పిలిస్తే చూస్తోంది. పసిపిల్లలకు ఇలా కారణం కనిపించని జ్వరం వస్తే యూరిన్ ఇన్ఫెక్షన్‌ని అనుమానించాలి. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందని చెప్పే వయసు కాదు కదా.

ఎక్కువగా తప్పు జరిగేది మూత్రం పట్టడంలోనే. ఒంటికి అతికించే సంచిలోకి చర్మం మీది, మలంలోని క్రిములు కూడా చేరతాయి. ఆ పరీక్షలో ఏమీ లేదని వస్తే చాలావరకు నమ్మొచ్చు. ఉందని వస్తే మాత్రం నమ్మలేం. అందుకే సన్నటి గొట్టంతో తీసిన మూత్రాన్నే కల్చర్‌కి పంపాలి. అదీ యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే. ఒక్క డోసు పడినా కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు. అప్పుడు అది ఏ మందుకు లొంగుతుందో తెలియదు.

ఈ పాప మూత్రంలో చీము కణాలు బాగా కనిపించాయి. "ఆసుపత్రిలో చేర్చి నరానికి మందు ఎక్కించొద్దా డాక్టర్ గారూ?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. 1999లో అమెరికాలో హోబర్మన్ బృందం సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. రెండేళ్లలోపు పిల్లలు 306 మందిలో కొందరికి మొదటి నుంచీ నోటి ద్వారా సెఫిక్సిమ్ ఇచ్చారు. మిగతావారికి మూడు రోజులు నరం ద్వారా సెఫోటాక్సిమ్ ఇచ్చి, తర్వాత సెఫిక్సిమ్‌కి మార్చారు. జ్వరం రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒక రోజులోనే తగ్గింది. ఆరు నెలల తర్వాత చూస్తే కిడ్నీ మీద మచ్చల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

కాబట్టి ఈ పాపకు సిరప్ చాలు. వాంతులతో మందు నిలవకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా, ఒంట్లో నీరు తగ్గినా, రెండు నెలల లోపు శిశువైనా ఆసుపత్రిలో చేర్చి నరం ద్వారానే మొదలుపెట్టాలి. మన దగ్గర సెఫిక్సిమ్‌కి లొంగని ఈ.కోలై తక్కువేం కాదు. 48 గంటలకీ జ్వరం దిగకపోతే కల్చర్ రిపోర్టు చూసి మందు మార్చాలి. దిగితే మాత్రం, తగ్గింది కదా అని సీసా పక్కన పెట్టకుండా డాక్టర్ చెప్పిన 7 నుంచి 14 రోజులూ వాడాలి.

తర్వాత స్కానింగ్. మొదటిసారి వచ్చినా కిడ్నీలకు, మూత్రాశయానికి అల్ట్రాసౌండ్ తీయించాలి. కిడ్నీ వాపు, మూత్రానికి అడ్డంకి లాంటివి అందులో తెలుస్తాయి. మూత్రాశయంలోకి గొట్టంతో మందు నింపి ఎక్స్‌రేలు తీసే ఎంసీయూ పరీక్ష బిడ్డకు బాధాకరం, కొంత రేడియేషన్ కూడా. మూత్రం కిడ్నీలోకి వెనక్కి తన్నుతోందా అన్నది అది చూపిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో తేడా ఉంటేనో, జ్వరంతో ఇన్ఫెక్షన్ మళ్లీ వస్తేనో చేయించమని 2011లో అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం చెప్పింది. వెనక్కి తన్నే సమస్య ఉన్న 607 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2014లో వచ్చింది. రోజూ యాంటీబయాటిక్ ఇస్తే ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి గానీ, కిడ్నీ మచ్చలు తగ్గలేదు.

ఈ పాప అల్ట్రాసౌండ్ మామూలుగా ఉంటే ఎంసీయూ అవసరం లేదు. మళ్లీ కారణం తెలియని జ్వరం వస్తే మాత్రం, ఇంట్లో ఉన్న పాత సిరప్ పట్టకుండా, 48 గంటల లోపే మూత్రం పరీక్ష చేయించాలి.