చూడటం మానేసినవాళ్లను ఏమని అడగాలి?

వారం వారం వచ్చే యూట్యూబ్ సిరీస్‌కు చూసేవాళ్లు తగ్గిపోతుంటే, తీసేవాళ్లకు మొదట తట్టే ఉపాయం ప్రేక్షకుల్నే అడగడం. ఎపిసోడ్ చివర ఒక గూగుల్ ఫామ్ లింకు ఇచ్చి, ఏం నచ్చలేదో రాయమంటారు. కానీ ఆ లింకు దాకా వచ్చినవాళ్లు ఎపిసోడ్ అంతా చూసినవాళ్లే. మధ్యలో లేచిపోయినవాళ్లు గానీ, అసలు తెరవనివాళ్లు గానీ ఆ ఫామ్ నింపరు. అందుకే సర్వేని ఒంటరిగా నమ్మకూడదు. ముందు అంకెలు చూసి జనం ఎక్కడ జారిపోతున్నారో పట్టుకోవాలి. ఎందుకు జారిపోతున్నారో ఆ తర్వాత అడగాలి.

ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. తెలుగునాట కోటల మీద ఒక సిరీస్ వస్తోంది. గోల్కొండతో మొదలైంది, ఆరో భాగం గండికోట. పాత ఎపిసోడ్‌కు చూసేవాళ్లు చేరడానికి ఎక్కువ రోజులు దొరికాయి కాబట్టి మొత్తం వ్యూస్ పోల్చి లాభం లేదు. రెండింటికీ విడుదలైన మొదటి 7 రోజుల లెక్కే తీయాలి.

యూట్యూబ్ స్టూడియోలో మూడు అంకెలు చాలు. థంబ్‌నెయిల్ ఎన్నిసార్లు జనం కంటపడిందో చెప్పేది ఇంప్రెషన్లు. కంటపడిన వాటిలో ఎన్ని క్లిక్ అయ్యాయో చెప్పేది క్లిక్ శాతం. తెరిచాక ఎంతసేపు ఉన్నారో చెప్పేది రిటెన్షన్ గీత. మన ఉదాహరణలో రెండు ఎపిసోడ్లకూ ఇంప్రెషన్లు సుమారు 2 లక్షలే. క్లిక్ శాతం మాత్రం 6 నుంచి 3కు పడింది. అంటే 12,000 క్లిక్కులు 6,000 అయ్యాయి. తెరిచినవాళ్లలో 30 సెకన్ల తర్వాత కూడా నూటికి 70 మంది ఉన్నారు, సగటున 11 నిమిషాలు చూశారు. ఈ రెండూ మొదటి భాగంలో ఎంతో ఆరో భాగంలోనూ అంతే. కాబట్టి లోపలి కథనం జనాన్ని తరిమేయడం లేదు. నష్టమంతా గుమ్మం బయటే జరుగుతోంది.

ఇప్పుడు సర్వే. ఎపిసోడ్ చివర లింకు ఒక్కటే పెడితే చాలదు. అదే చానెల్‌లోని వేరే వీడియోల కింద, వాట్సాప్ గ్రూపుల్లో, చానెల్ పోస్టుల్లో కూడా పెట్టాలి. మొదటి ప్రశ్న అభిప్రాయం గురించి కాదు, చేసిన పని గురించి ఉండాలి: "గండికోట ఎపిసోడ్ వచ్చినప్పుడు ఏం జరిగింది?" జవాబులు నాలుగు: కనబడలేదు, కనబడినా తెరవలేదు, మధ్యలో ఆపేశాను, పూర్తిగా చూశాను. ఏ ప్రేక్షకుడు ఎవరో యూట్యూబ్ చెప్పదు గనుక ఒక్కో మనిషి జవాబును అతని వీక్షణతో జతచేయలేం. సర్వేనూ అంకెలనూ కలిపేది ఈ ప్రశ్నే.

150 జవాబులు వచ్చాయనుకుందాం. అన్నిటినీ కలిపి లెక్కేస్తే ఎక్కువమంది చెప్పిన ఫిర్యాదు "నిడివి ఎక్కువ". అది పట్టుకుని నిడివి కోసేస్తే తప్పు మందు వేసినట్టే. ఎందుకంటే పూర్తిగా చూసిన 90 మందిలో 55 మంది చెప్పిన మాట అది. వాళ్లు సిరీస్‌ను వదల్లేదు. కనబడినా తెరవని 40 మందిని విడదీసి చూస్తే 26 మంది వేరే మాట చెప్పారు: "మధ్యలో ఒకటి రెండు భాగాలు చూడలేదు, అవి చూశాక దీన్ని చూద్దామనుకున్నాను." నిజానికి ఏ కోట కథ ఆ కోటదే. అయినా ప్రతి థంబ్‌నెయిల్ మీదా పెద్ద అక్షరాలతో "భాగం 6" అని ఉంది. పాతవి చూడనిదే ఇది అర్థం కాదని జనం అనుకున్నారు.

40 మంది చిన్న గుంపు, పైగా మనుషులు తమ కారణాలను తర్వాత అల్లుకుని చెబుతారు కూడా. అందుకే ఈ జవాబును మళ్లీ అంకెల ముందు నిలబెట్టాలి. ఆ కారణం నిజమైతే, భాగం సంఖ్య లేకుండా వచ్చిన ఎపిసోడ్‌కు క్లిక్ శాతం బాగుండాలి. పండక్కి సంఖ్య వేయకుండా విడుదల చేసిన ప్రత్యేక ఎపిసోడ్‌కు 5 శాతం దాటిందనుకుందాం. అనుమానం బలపడింది. కానీ పండగ ఊపు కూడా దానికి కారణమై ఉండవచ్చు. తేల్చుకోవాలంటే తర్వాతి రెండు ఎపిసోడ్లకు సంఖ్య తీసేసి కోట పేరు మాత్రమే వేయాలి. నిడివి, విడుదల రోజు, థంబ్‌నెయిల్ తీరు మార్చకూడదు. రెండు మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఫలితం చూసేటప్పుడు ఇంప్రెషన్లనూ పక్కనే పెట్టుకోవాలి. యూట్యూబ్ ఒక వీడియోను కొత్తవాళ్లకు విస్తారంగా చూపించడం మొదలుపెడితే క్లిక్ శాతం దానంతటదే తగ్గుతుంది. దాన్ని వైఫల్యం అనుకోకూడదు. ఇంప్రెషన్లు దాదాపు అంతే ఉండి క్లిక్ శాతం పెరిగితే కారణం దొరికినట్టే, ఇక నిడివి గురించి ఆలోచించవచ్చు. పెరగకపోతే ఆ 40 మందిలో మిగిలిన 14 మంది ఏం రాశారో చదవాలి.