ఒకే పురపాలిక, ఒకే ఏడాది: మిగులు 80 లక్షలా, లోటు 15 లక్షలా?

అకౌంట్స్ ఆఫీసర్ పోస్టులకైనా, శాఖాపరమైన పరీక్షలకైనా సిద్ధమయ్యేవాళ్లను తరచూ తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది. ఒక పురపాలిక ఏడాది లావాదేవీలు ఇచ్చి, నగదు పద్ధతిలో ఫలితమెంత, అక్రూవల్ పద్ధతిలో ఎంత అని అడుగుతారు. రెండు జవాబులూ సరైనవే అయినా వాటి మధ్య పొంతన ఉండదు. ఒకదానిలో మిగులు, ఇంకొకదానిలో లోటు రావచ్చు కూడా.

తేడా అంతా ఎప్పుడు రాశారన్న దాంట్లోనే ఉంది. నగదు పద్ధతిలో డబ్బు చేతికి వచ్చిన రోజు ఆదాయం, చెల్లించిన రోజు ఖర్చు. అక్రూవల్‌లో డబ్బు కదలకపోయినా సరే, రావలసిన హక్కు పుట్టిన ఏడాదికి ఆదాయం, సేవ వాడుకున్న ఏడాదికి ఖర్చు రాస్తారు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ప్రధానంగా మొదటి దారిలో ఉన్నాయి. పురపాలికల కోసం 2004లో వచ్చిన జాతీయ మునిసిపల్ అకౌంట్స్ మాన్యువల్ రెండో దారి చూపింది. అందుకే పరీక్షల్లో ఈ పోలికకు పురపాలిక లెక్కలు బాగా అనువుగా ఉంటాయి.

ఒక ఊహా పురపాలికను తీసుకుందాం. అంకెలన్నీ లక్షల రూపాయల్లో. ఈ ఏడాది ఆస్తిపన్ను డిమాండ్ 500. వసూలైంది 460. అందులో ఈ ఏడాది పన్ను 380, పాత బకాయిలు 60, వచ్చే ఏడాదికి ముందే కట్టినవి 20. జీతాలకు 300 చెల్లించారు. అందులో 20 గత మార్చి నెల జీతాలు. ఈ మార్చి జీతాలు 22 ఏప్రిల్‌లో ఇస్తారు. చెత్త సేకరణ, వీధులు ఊడ్చే కాంట్రాక్టరు ఏడాది బిల్లులు 210, చెల్లింపు 110 మాత్రమే. ఏడాది మొదట్లోనే 30 పెట్టి చెత్త లారీ కొన్నారు, దాని ఆయుష్షు పదేళ్లు. మంచినీటి ట్యాంకు కట్టడానికి ప్రభుత్వం 100 గ్రాంటు ఇచ్చింది, మార్చి 31 నాటికి అందులో 40 ఖర్చయింది.

నగదు లెక్క తేలిక. వచ్చినవి 460, 100 కలిపి 560. పోయినవి 300, 110, 30, 40 కలిపి 480. మిగులు 80. చాలామంది పన్నులో పాత బకాయిలను విడదీయాలా, ముందస్తు కట్టుబడిని తీసేయాలా అని ఇక్కడ తటపటాయిస్తారు. అక్కర్లేదు. క్యాష్ బుక్కులో పడిన మొత్తం అంతా వచ్చినట్టే.

అక్రూవల్‌లో ఆదాయం 500. పాత బకాయి 60 వస్తే, రావలసిన ఖాతా తగ్గుతుందే తప్ప ఈ ఏడాది ఆదాయం పెరగదు, అది ఏనాడో రాసేశారు. ముందస్తుగా వచ్చిన 20 ఇంకా పురపాలిక బాధ్యతే, వచ్చే ఏడాది దాని పేరు మారుతుంది. జీతాల ఖర్చు 300 నుంచి గత మార్చివి 20 తీసి, ఈ మార్చివి 22 కలిపితే 302. కాంట్రాక్టరు పని చేసేశాడు కాబట్టి ఖర్చు 210, చెల్లించాల్సిన 100 అప్పుగా నిలుస్తుంది. లారీకి ఈ ఏడాది తరుగుదల 3 మాత్రమే ఖర్చు, మిగతా 27 ఆస్తి విలువ. మొత్తం ఖర్చు 515. ఆదాయం 500. లోటు 15.

ఇక గ్రాంటు. మార్కులు పోయేది ఇక్కడే. ట్యాంకు కోసమే ఇచ్చిన డబ్బును జీతాలకో, చెత్త బిల్లులకో వాడే హక్కు పురపాలికకు లేదు. కాబట్టి వచ్చిన 100ను ఆదాయంగా రాయకూడదు, నిర్దేశిత గ్రాంటుగా బాధ్యతల వైపు ఉంచాలి. ఖర్చయిన 40 నిర్మాణంలో ఉన్న పనిగా ఆస్తుల వైపు చేరుతుంది. మిగిలిన 60 బ్యాంకులో కనిపించినా అది ఆ పనికి కట్టుబడిన సొమ్ము. నిధి అకౌంటింగ్ అంటే డబ్బు ఎంతుందనే కాదు, ఏ పనికి ముడిపడి ఉందో కూడా చెప్పే లెక్క.

జవాబు సరిచూసుకోవడానికి నగదు మిగులు 80 నుంచి బయల్దేరవచ్చు. గ్రాంటు వల్ల మిగిలిన 60 తీసేయాలి, 20. లారీలో ఖర్చు కాని 27 కలపాలి, 47. పన్నులో తక్కువగా చూపిన 40 కలిపితే 87. జీతాల తేడా 2, కాంట్రాక్టరు బాకీ 100 తీస్తే లోటు 15 దగ్గర ఆగుతుంది. వసూళ్ల తేడా కంటే కాంట్రాక్టరు బాకీ, గ్రాంటే ఫలితాన్ని తలకిందులు చేశాయి. ఊరంతా శుభ్రం చేయించుకుని సగం బిల్లు ఆపేసిన సంస్థ నగదు లెక్కలో మిగులు చూపిస్తుంది, అక్రూవల్‌లో ఆ వీలుండదు.

మరి రాష్ట్ర ప్రభుత్వాల సంగతి? 1990 నాటి ప్రభుత్వ అకౌంటింగ్ నియమాల ప్రకారం లెక్కలు నిజంగా వచ్చిన, చెల్లించిన సొమ్మునే చూపుతాయి, రావలసినవీ చెల్లించాల్సినవీ కాదు. అనుమతించిన కొన్ని పుస్తక సర్దుబాట్లు మాత్రం మినహాయింపు. కేంద్ర ఉద్యోగులకు సాధారణంగా నెల చివరి పనిదినాన జీతం అందినా, మార్చి జీతం ఏప్రిల్ మొదటి పనిదినాన ఇస్తారు. అది కొత్త ఏడాది ఖర్చులోకి వెళుతుంది. పెండింగు బిల్లులూ అంతే. పని పూర్తి చేసినా, ట్రెజరీ చెల్లించేదాకా లెక్కల్లోకి రాదు.

పర్సనల్ డిపాజిట్ ఖాతాలు దీనికి తిరగేసిన కథ. మార్చి చివర్లో సంఘటిత నిధి నుంచి సొమ్ము తీసి ఈ ఖాతాల్లో వేస్తే, పని మొదలవకపోయినా ఆ ఏడాది ఖర్చయినట్టే కనబడుతుంది. నిజానికి డబ్బు ప్రజా ఖాతాలోకి మారిందంతే. కాగ్ తన నివేదికల్లో ఈ అలవాటును పదేపదే ఎత్తిచూపింది. ప్రశ్నలో ఇలాంటి బదిలీ ఉంటే నగదు పద్ధతిలో ఖర్చుగా రాయాలి. అక్రూవల్‌లో మాత్రం సరుకో సేవో అందలేదు కాబట్టి ఖర్చు లేదు.

అక్రూవల్‌కూ పరిమితులున్నాయి. డిమాండ్ రిజిస్టరులో కూలిన ఇళ్లు, రెండుసార్లు నమోదైన భవనాలు ఉంటే, ఎప్పటికీ రాని పన్ను కూడా ఆదాయమైపోతుంది. అందుకే మాన్యువల్ బకాయి పాతబడే కొద్దీ దానిపై కేటాయింపు పెంచుకుంటూ పోవాలంటుంది. పై ఉదాహరణలో వసూలు కాని 120 ఈ ఏడాదిదే కాబట్టి కేటాయింపు పెట్టలేదు, అది అలాగే ఏళ్లకేళ్లు నిలిచిపోతే లోటు ఇంకా పెరుగుతుంది. ఆస్తుల రిజిస్టరు లేని చోట తరుగుదల అంకె కూడా అంచనాగానే మిగులుతుంది.

ప్రభుత్వాల లెక్కల్నీ ఈ దారికి తేవాలని పన్నెండో ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. అందుకు ప్రమాణాలు రూపొందించే సలహా బోర్డును కాగ్ 2002లోనే ఏర్పాటు చేసింది. అయినా సంఘటిత నిధి లెక్కలు ఇప్పటికీ ప్రధానంగా నగదు పద్ధతిలోనే నడుస్తున్నాయి. కాబట్టి ప్రశ్నాపత్రంలో సంస్థ పేరు చూడగానే, అది ప్రభుత్వ శాఖా లేక పురపాలికా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాతే అంకెల మీద చేయి వేయాలి.