కెమెరా చదివిన అంకెలను నమ్మవచ్చా?

ఒక మందుల గిడ్డంగిని ఊహించుకోండి. నెలాఖరున గుమాస్తా అరలన్నీ తిరిగి, ఏ సరుకు ఎన్ని పెట్టెలు ఉన్నదో లెక్కపెట్టి కాగితం మీద వ్రాస్తాడు. ప్రతి వరుసలోనూ రెండే ముఖ్యమైన సంగతులు ఉంటాయి. ఒకటి సరుకు కోడు, రెండవది పెట్టెల సంఖ్య. ఆ కాగితాన్ని ఫొటో తీస్తే కంప్యూటరు దానిని చదివి, నిల్వల లెక్కను సరిదిద్దే ఫైలును తయారు చేస్తుంది. చేతితో మళ్ళీ ఎక్కించే శ్రమ తప్పుతుంది.

కాని ఒక్క అంకె తప్పు చదివితే ఏమవుతుంది? జ్వరం మాత్రల లెక్క సెలైను సీసాల ఖాతాలో పడవచ్చు. కంప్యూటరులో సెలైను కావలసినంత కనిపిస్తుంది, అర మాత్రం ఖాళీగా ఉంటుంది. కొత్త సరుకు తెప్పించాలని ఎవరికీ తోచదు. కనుక చదవడం కంటె, చదివినది సరియైనదో కాదో తెలుసుకోవడమే ఇక్కడ అసలు సమస్య.

మనకు 7 గా కనిపించే అంకె కంప్యూటరుకు నల్లని, తెల్లని చుక్కల గుంపు మాత్రమే. ఆ గుంపు ఆకారం ఏ అంకెకు ఎక్కువ దగ్గరగా ఉన్నదో చూసి అది నిర్ణయిస్తుంది. కాగితం మడత పడినా, చేతి నీడ పడినా, ఫొటో మసకగా ఉన్నా 7 పైగీత చెరిగి 1 లాగా కనిపిస్తుంది. 8 ఒక ప్రక్క తెగితే 3 అవుతుంది. మనిషి పొరపాటు వేరు. అతడు అంకెలను సరిగానే చూసినా, వ్రాసేటప్పుడు 57 ను 75 గా తారుమారు చేస్తాడు. ఈ రెండు రకాల పొరపాట్లనూ పట్టుకొనే కాపలాదారు కావాలి.

ఆ కాపలాదారు కోడులోనే దాగి ఉన్నాడు. దుకాణాలలో అమ్మే చాలా వస్తువుల మీద నల్లగీతల క్రింద 13 అంకెలు ఉంటాయి. వాటిలో మొదటి 12 అంకెలు వస్తువును గుర్తించడానికి. చివరి అంకె ఆ పన్నెండింటి నుండి లెక్కకట్టి వచ్చినది. దీనిని తనిఖీ అంకె అందాం.

ఉదాహరణకు 8900000135721 అనే కోడును తీసుకొందాం. ఎడమ నుండి 1, 3, 5 వంటి బేసి స్థానాలలోని అంకెలన్నిటినీ, చివరి అంకెతో సహా, కూడండి: 8+0+0+0+3+7+1 = 19. సరి స్థానాలలోని అంకెలను కూడండి: 9+0+0+1+5+2 = 17. ఈ రెండవ మొత్తాన్ని 3 తో గుణిస్తే 51. ఇప్పుడు 19 + 51 = 70. ఇది 10 కి గుణిజం. కోడు సరియైనదైతే ఈ మొత్తం ఎప్పుడూ 10 కి గుణిజమే అవుతుంది. అలా వచ్చేటట్లుగానే చివరి అంకెను నిర్ణయిస్తారు.

ఫొటోలో ఆ 7 చెరిగి 1 గా కనిపించిందనుకోండి. కంప్యూటరు 8900000135121 అని చదువుతుంది. బేసి స్థానాల మొత్తం 13 కు దిగుతుంది. 13 + 51 = 64. ఇది 10 కి గుణిజం కాదు. దొంగ దొరికాడు!

ఒక్క అంకె మారితే ఈ పద్ధతి తప్పకుండా పట్టుకొంటుంది. ఎందుకంటే, ఆ మార్పు 1 నుండి 9 లోపు ఉంటుంది. దానిని 1 తో గుణించినా, 3 తో గుణించినా 10 కి గుణిజం ఎన్నటికీ రాదు. కావలిస్తే 3 వ ఎక్కం 27 వరకు చదివి చూడండి.

అయితే, తప్పు ఉన్నదని తెలిసినంత మాత్రాన ఎక్కడ ఉన్నదో తెలియదు. పై కోడులో 64 ను 70 చేయాలంటే 6 కావాలి. పదకొండవ స్థానంలోని 1 ని 7 చేసినా సరిపోతుంది. చివరనున్న 1 ని 7 చేసినా సరిపోతుంది! కనుక కంప్యూటరు తనంతట తానుగా దిద్దకూడదు. ఆ వరుసను ప్రక్కన పెట్టి, ఫొటోతో సహా మనిషికి చూపించాలి.

ఈ కాపలాదారు కన్నుగప్పే తప్పు కూడా ఒకటి ఉన్నది. ప్రక్కప్రక్క అంకెలు 5, 7 తారుమారైతే కోడు 8900000137521 అవుతుంది. మొత్తం 74 వచ్చి తప్పు బయటపడుతుంది. కాని 7, 2 తారుమారై 8900000135271 అయితే? 14 + 66 = 80. తప్పు తప్పించుకుపోయింది! ప్రక్కప్రక్క అంకెల మధ్య తేడా సరిగ్గా 5 అయినప్పుడల్లా ఇలాగే జరుగుతుంది. అందుకే రెండవ పరీక్ష కూడా పెడతారు. ఆ కోడు గిడ్డంగి సరుకుల పట్టికలో అసలు ఉన్నదా అని చూస్తారు. లేని కోడు వస్తే ఆ వరుసను ఆపివేస్తారు.

ఇక పెట్టెల సంఖ్య. దీనికి తనిఖీ అంకె లేదు. 17 పెట్టెలూ ఉండవచ్చు, 11 పెట్టెలూ ఉండవచ్చు. రెండూ నమ్మదగినవే. ఇక్కడ పాతకాలపు చిట్టా లెక్కల ఉపాయమే పనికివస్తుంది. గుమాస్తా కాగితం అడుగున మొత్తం వ్రాయాలి. మన కాగితంలో 48, 17, 120, 36 ఉన్నాయనుకొందాం. అడుగున 221 అని ఉన్నది. కంప్యూటరు చదివిన సంఖ్యలను కూడితే 215 వచ్చింది. తేడా 6. ఒకట్ల స్థానంలో 7 ను 1 గా చదివితే వచ్చే తేడా సరిగ్గా ఇంతే. అప్పుడు ముందుగా 11 అని చదివిన వరుసనే ఫొటోలో చూడాలి. 36 ను 63 గా తారుమారు చేసి ఉంటే తేడా 27 వచ్చేది. ప్రక్కప్రక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9 కి గుణిజమే. ఒక వరుసలో 6 తగ్గి, ఇంకొక వరుసలో 6 పెరిగితే మాత్రం మొత్తం సరిపోతుంది, తప్పు దాగిపోతుంది. అది అరుదు, కాని అసాధ్యం కాదు.

పరీక్షలన్నీ నెగ్గిన వరుసలే ఫైలులోకి వెళ్ళాలి. ఆ ఫైలు ఇలా ఉంటుంది:

```
item_code,count,count_date
8900000135721,17,2025-03-31
```

ఇక్కడ కూడా రెండు గోతులు ఉన్నాయి. ఈ ఫైలును లెక్కల పట్టికగా తెరిస్తే, కంప్యూటరు కోడును పెద్ద సంఖ్య అనుకొని `8.9E+12` అని కుదించి చూపవచ్చు. అలాగే భద్రపరిస్తే చివరి అంకెలు పోయినట్లే. కోడు 0 తో మొదలైతే ఆ 0 కూడా రాలిపోతుంది. కోడు పేరు వంటిది, దానిని ఎవరూ కూడరు, తీసివేయరు. కనుక ఆ నిలువు వరుసను సంఖ్యగా కాక అక్షరాలుగా చదవమని ముందే చెప్పాలి.

రెండవ గొయ్యి ఇంకా లోతైనది. పాత లెక్కలో 20 ఉన్నాయి, ఇప్పుడు లెక్కిస్తే 17 ఉన్నాయి. కంప్యూటరు 20 ని చెరిపి 17 వ్రాయాలి. అలా కాక కొత్తగా వచ్చిన సరుకు అనుకొని కూడితే 37 అవుతుంది! అంకెలన్నీ సరిగా చదివినా లెక్క తప్పుతుంది. ఫైలులోని సంఖ్య ఉన్న సరుకా, వచ్చిన సరుకా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఈ రోజే మీ ఇంట్లో సబ్బు పెట్టెనో, బిస్కట్ల పొట్లాన్నో తీసుకోండి. నల్లగీతల క్రింద 13 అంకెలు ఉన్నవాటినే ఎంచుకోండి. మన దేశంలో నమోదైన కోడులు 890 తో మొదలవుతాయి. పైన చెప్పినట్లు మొత్తం కట్టండి, 10 కి గుణిజం వస్తుంది. తరువాత ఒక అంకె మార్చి మీ స్నేహితునికి ఇవ్వండి. తప్పు ఉన్నదని అతడు చెప్పగలడు. ఎక్కడ ఉన్నదో చెప్పగలడేమో అడిగి చూడండి!