మిట్టమధ్యాహ్నం సుడిగాలి ఎందుకు లేస్తుంది?



మార్చి, ఏప్రిల్ నెలల్లో శిడ్లఘట్ట, చింతామణి వైపు మబ్బు లేని మధ్యాహ్నం, దున్ని వదిలేసిన చేలో దుమ్ము స్తంభంలా లేచి తిరగడం మనందరం చూస్తాం. దయ్యపు గాలి అని పెద్దలు పక్కకు తప్పుకునేవాళ్లు. దాన్ని లేపేది నేల వేడి.

అలాంటి రోజు మన తల ఎత్తులో గాలి 36 డిగ్రీలు ఉంటే, ఎండిన బోడి నేల పైపొర 55 డిగ్రీలు కూడా దాటగలదు. నేలను ఆనుకున్న గాలి బాగా వేడెక్కి తేలికవుతుంది. దాని పైన చల్లని, బరువైన గాలి ఉంటుంది. వేడి గాలి ఎక్కడో ఒకచోట దారి చేసుకుని పైకి లేస్తుంది. ఆ చోటికి చుట్టుపక్కల గాలి నేలను రాసుకుంటా పరుగెత్తి వస్తుంది.

అలా వచ్చే గాలికి గట్లు, చెట్లు, షెడ్ల వల్ల ముందే కొంచెం తిరుగుడు ఉంటుంది. మధ్యకు దగ్గరయ్యే కొద్దీ అది జోరందుకుంటుంది. 10 మీటర్ల దూరంలో సెకనుకు 1 మీటరు వేగంతో తిరిగే గాలి, 1 మీటరు దగ్గరికి వచ్చేసరికి లెక్క ప్రకారం సెకనుకు 10 మీటర్లు, అంటే గంటకు 36 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. నేల రాపిడి కొంత తగ్గించినా, వదులుగా కట్టిన షేడ్‌నెట్ లేచిపోవడానికి ఆ జోరు చాలు. తిరుగుడు కుడికైనా, ఎడమకైనా ఉండొచ్చు.

నీళ్లు కట్టిన మల్బరీ తోటలో ఇది పుట్టడం అరుదు. అక్కడ ఎండ వేడిలో చాలా భాగం తడిని ఆవిరి చేయడానికే పోతుంది, నేల అంతగా కాలదు. బోడి చేలో లేచిన సుడి తోట మీదికి వస్తే, కింద నుంచి వేడి అందక తరచుగా నీరసించిపోతుంది. మోసుకొచ్చిన దుమ్ము మాత్రం ఆకు మీద రాలుతుంది. వాన పడిన మరుసటి రోజు, మబ్బు పట్టిన రోజు సుడిగాలులు తక్కువ. గాలి మరీ గట్టిగా వీచినా సుడి నిలవదు.

మనకు అసలు నష్టం ఆ దుమ్ములో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. పడకల నుంచి తీసిన పెంట, మిగిలిన ఆకు, చచ్చిన పురుగులు షెడ్డు ముందు ఎండబెడితే, పాలరోగం, సున్నపుకట్టు రోగం క్రిములు ఆ దుమ్ముతో కలిసి తోటకు, షెడ్డుకు చేరతాయి. అందుకే చెత్తను దూరంగా గుంతలో వేసి, ఏ రోజుకారోజు మట్టి కప్పాలి. చచ్చిన పురుగులను సున్నం, బ్లీచింగ్ పొడి చల్లి పూడ్చాలి.

షెడ్డు చుట్టూ బోడి నేల ఉంటే 11 గంటల లోపే నీళ్లు చిలకరించండి. దూరపు చేలో పుట్టి వచ్చే సుడిని ఆ తడి ఆపలేదు. వాకిట్లో దుమ్ము లేవకుండా మాత్రం పట్టి ఉంచుతుంది. ఆకు పొద్దున్నే కోసి, తడి గోనె కప్పి ఉంచుకుంటే మధ్యాహ్నపు దుమ్ము దాని మీద పడదు.