కప్పు మీద ద్విపద

ఉత్తమ విద్యార్థికిచ్చే కప్పు మీద చోటు తక్కువ. అక్కడ ద్విపద చక్కగా ఇముడుతుంది. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, అంతే.

చదువులో మేటివై సాగిన నీకు
పదిలమౌ కీర్తిని బడి యిచ్చె నేడు

మొదట ‘నిలిచిన నీకు’ అని రాశాను. గణాలు సరిపోయాయి కానీ యతి తప్పింది. మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి. ‘చ’కు ‘ని’ కలవదు, ‘సా’ కలుస్తుంది. రెండో పాదంలో ‘ప’కు ‘బ’ సరే. ప్రాస రెండింటా ‘ద’.

చెక్కేవాళ్ల కంప్యూటర్‌లో ఫాంటు మారితే ఒత్తులు చెదురుతాయి. ‘కీర్తి’, ‘యిచ్చె’ సరిగ్గా ఉన్నాయో లేదో కాగితం మీద అచ్చు తీయించి చూశాకే లోహం మీద చెక్కించండి.